ముహూర్తం నాటి అరగంట

కరెంటు బిల్లు విడమరచి చెప్పడంలో ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో నన్ను మించినవాళ్లు లేరని చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. ఆ నమ్మకంతో ఎంతమంది బుర్రలు తిన్నానో లెక్కలేదు. విద్యుత్ ఆఫీసులో పెద్ద కనెక్షన్ల బిల్లింగు నా సీటు. రైస్ మిల్లులు, జిన్నింగ్ మిల్లులు, గ్రానైట్ కోసే ఫ్యాక్టరీలు, రెండు మూడు ఆసుపత్రులు, అన్నీ నా కిందికే వస్తాయి. నెల మొదట్లో బిల్లులు వెళ్తాయి, ఆ మర్నాటి నుంచి ఫోన్లు మొదలవుతాయి. అందరిదీ ఒకటే ప్రశ్న. "ఇంతెందుకొచ్చింది మేడం?"

ఆ ప్రశ్న వినగానే నాకు ఎక్కడ లేని హుషారు వచ్చేది. కుర్చీ ముందుకు జరుపుకొని, గొంతు సవరించుకొని, మొదటి నుంచి మొదలుపెట్టేదాన్ని. అవతలి మనిషి "ఆఁ... ఆఁ..." అంటున్నకొద్దీ ఆహా ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని మురిసిపోయేదాన్ని. పక్క సీటాయన మాత్రం నేను ఫోనెత్తగానే టీ తాగడానికి వెళ్లిపోయేవాడు. తిరిగొచ్చేసరికి నేనింకా పవర్ ఫ్యాక్టర్ దగ్గరే ఉండేదాన్ని.

మా ఆయన బడిపంతులు. పిల్లలకు లెక్కలు చెప్పే మనిషి కదా, చెప్పడం గురించి తనకే తెలుసన్న గర్వం ఆయనది. ఒకరోజు నా ఫోను మాటలు విని, "నీ దగ్గర్కొచ్చినోళ్లు సమజై బిల్లు కడ్తలేరే. యాష్టకొచ్చి కడ్తున్రు" అన్నాడు. ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు.

నా పాండిత్యం ఇంట్లో కూడా ఏమంత వెలగలేదు. ఆ ఎండాకాలం మా ఇంటి బిల్లు రెండువందల నాలుగు యూనిట్లకు వచ్చింది. రెండువందలు దాటితే శ్లాబు మారిపోతుంది. దాటిన నాలుగింటికే కాదు, మొదటి యూనిట్ నుంచే రేటు పెరుగుతుంది. బిల్లు చూసి మా ఆయన గుడ్లు తేలేశాడు. నేను చార్టు గీసి, రంగు పెన్నులతో గడులు నింపి, కూలర్ గురించి ఉపన్యాసం ఇచ్చాను. అంతా విన్నాక ఆయన, "మరి గీ ముచ్చట నెలాఖరు కన్న ముందు చెప్తే ఒక్క దినం కూలర్ బంద్ పెడ్దుము గదా" అన్నాడు. మీటరు వాకిట్లోనే ఉంది. రోజూ దాని పక్కనే చెప్పులు విడుస్తాను. దాని వంక తల ఎత్తి చూసిన పాపాన పోలేదు. అయినా తప్పు ఆయనదేనని తేల్చి, చార్టు మడిచి పెట్టేశాను.

ఇంతటి మహావిద్వాంసురాలికి ఒకరోజు జమ్మికుంట నుంచి జిన్నింగ్ మిల్లు సేటు ఫోన్ చేశాడు. పత్తి సీజన్ మొదలై కొద్ది వారాలే అయింది.

"మేడం, పోయినేడు గిదే నెల కన్న ఈసారి యూనిట్లు తక్కువ కాలినయ్. వానలకు పత్తి పచ్చిగొచ్చింది, మిల్లు సగం దినాలు ఖాళీనే. బిల్లేమో అరవై వేల దాక ఎక్కువొచ్చింది. మీ మీటర్‌కేమన్న పిచ్చి లేసిందా?"

నేను బిల్లు తెరిచి చూశాను. క్షణంలో తెలిసిపోయింది. ఆ మిల్లుకు మాతో ఉన్న ఒప్పందం రెండువందల యాభై కేవీఏ. అంటే ఒకే సమయంలో అంతకు మించి కరెంటు లాగబోమని వాళ్లు రాసిచ్చారు. ఆ నెల మీటరు నమోదు చేసింది రెండువందల తొంభై. దాటిన నలభైకి డిమాండ్ ఛార్జీ రెండింతలు పడుతుంది. యూనిట్ల లెక్క వేరు, ఇది వేరు. నెలంతా కలిపి ఎంత కాల్చారన్నది యూనిట్లు. నెలలో అన్నిటికంటే జోరుగా లాగిన ఒక్క అరగంటలో ఎంత లాగారన్నది డిమాండ్. ఈ రెండు ముక్కలు ఇలాగే చెప్పి ఉంటే ఈ కథే లేదు.

నేను చెప్పింది ఇదీ. "మీ ఆర్‌ఎండీ సీఎండీని దాటింది సార్. ఎక్సెస్ డిమాండ్ మీద పెనల్ రేటు అప్లై అయింది. కేవీఏకు, కిలోవాట్‌కు తేడా ఉంటుంది కదా సార్, మీ పవర్ ఫ్యాక్టర్ పడిపోయినా ఇది పెరుగుతుంది, కెపాసిటర్లు కూడా ఒకసారి..." ఇలా ఎంతసేపు సాగిందో నాకే తెలియదు. పక్క సీటాయన వెళ్లి వచ్చాడు.

చివరికి సేటు, "అంటే లోపల ఎవడో ఎక్కువ లోడ్ పెట్టిండు. గంతే గదా మేడం?" అన్నాడు.

"అంతే సార్! కరెక్ట్‌గా పట్టుకున్నారు" అన్నాను. శిష్యుడికి పాఠం ఎక్కిందన్న ఆనందంలో ఆ పూట మిరపకాయ బజ్జీలు కూడా తెప్పించాను. నా డబ్బులతోనే.

వారం తిరగకముందే ఒక మనిషి నా బల్ల ముందుకొచ్చి నిలబడ్డాడు. నలభై ఏళ్లుంటాయి. చొక్కా జేబులో టెస్టరు, చేతిలో బిల్లు జిరాక్సు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నేను జమ్మికుంట మిల్లుల కరెంటు పని చేస్త మేడం. మాది ఆదిలాబాద్. పోయినేడే పెండ్లాం పిల్లలను తోలుకొని గీడికొచ్చిన. మా సేటు నన్ను దొంగను చేసిండు. మీరే చెప్పిన్రట."

"నేనా? నేనేం చెప్పాను?"

"లోపటోళ్లు ఎవరో అదనంగ లోడ్ పెట్టిన్రని."

మెల్లగా అడిగితే సంగతి బయటికొచ్చింది. మిల్లు ఆవరణలోనే ఇతనికి ఒక గది ఇచ్చారు. ఒక ఆదివారం ఇతని బామ్మర్ది వెల్డింగ్ మిషన్ తెచ్చుకొని, మిల్లు లైన్ మీదే రెండు కిటికీ గ్రిల్లులు అతికించుకున్నాడు. సేటుకు చెప్పలేదు. నా పాఠం విన్న సేటు, అదనపు లోడ్ ఎవరిదని మిల్లంతా విచారణ పెడితే, హమాలీల్లో ఎవరో ఆ వెల్డింగ్ సంగతి చెప్పేశారు. ఇంకేముంది, దొంగ దొరికిపోయాడు.

"శనారం దాక టైమిచ్చిండు మేడం. అరవై వేలు కట్టన్న కట్టు, లేకుంటే సామాన్లు సదురుకొని పో అన్నడు. పోతే పోత. కానీ కరెంటు దొంగ అని పేరు పడ్డంక నన్ను ఎవలు పెట్టుకుంటరు? జమ్మికుంటలనే గాదు, ఆదిలాబాద్‌ల గూడ ఏ మిల్లోడు గేట్ల అడుగు పెట్టనియ్యడు. మిల్లులోళ్లందరు ఒకలకొకలు తెలుసు."

అతని గొంతులో ఉన్నది ఏడుపు కాదు, కోపం. ఆ కోపం న్యాయమైనదని నాకు తెలుస్తూనే ఉంది. అప్పుడైనా నోరు మూసుకొని ఆలోచించాలా? అబ్బే. తెల్ల కాగితం తీసి త్రిభుజం గీశాను. అడుగు గీత కిలోవాట్, ఏటవాలు గీత కేవీఏ అంటూ మొదలుపెట్టాను.

అతను ఓపిగ్గా చూసి, "గిది మాకు ఐటీఐల చెప్పిన్రు మేడం" అన్నాడు. "గా గ్రిల్లుల వెల్డింగుకు అరవై వేలు వస్తయా, రావా? గదొక్కటి చెప్పున్రి."

నేను డిమాండ్ ఎంత వచ్చిందో చూశాను కానీ, ఎప్పుడు వచ్చిందో చూడలేదు. ఇన్నేళ్ల సర్వీసులో ఎవరికీ ఎప్పుడు అన్నది చూసి చెప్పలేదు. బిల్లు మీద ఆ సంగతి ఉండదు, ఎంత అన్నదే ఉంటుంది. బిల్లు మీద ఉన్నదాన్నే నానా తిప్పలు పెట్టి చెప్పడం నా విద్య.

అతన్ని వెంటబెట్టుకొని వరండా అవతల మీటర్ల విభాగం ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. పెద్ద కనెక్షన్ల మీటర్లు ప్రతి అరగంటకూ ఎంత కరెంటు వెళ్లిందో దాచుకుంటాయి. నెలనెలా రీడింగ్‌తో పాటు ఆ లెక్క కూడా దించుకుంటారు. ఇంజనీరు కంప్యూటర్‌లో మిల్లు నంబరు కొట్టి, ఆ నెల వరసలన్నీ తెర మీద పరిచాడు.

ముందు ఆ వెల్డింగ్ ఆదివారం చూశాం. మిల్లు సెలవు, మీటరు దాదాపు పడుకునే ఉంది. వెల్డింగ్ జరిగిన సాయంత్రం కాస్త కదిలింది, అంతే. ఒప్పందానికి దరిదాపుల్లో కూడా లేదు. మిగతా నెలంతా కూడా రెండువందల ముప్పై దాటలేదు. ఒకే ఒక్క రోజు, పొద్దున పదిన్నర నుంచి పదకొండు దాకా, రెండువందల తొంభై.

"ఆ రోజు ఏముండె మీ దగ్గర?" అన్నాడు ఇంజనీరు.

ఎలక్ట్రీషియన్ తేదీ చూశాడు. వేళ్ల మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు. అప్పటిదాకా నిలబడ్డ మనిషి, ఎవరూ చెప్పకుండానే స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

"ముహూర్తం మేడం. మిల్లు ముహూర్తం."

ఆ మిల్లులో ఒక ఆచారం ఉంది. సీజన్ మొదలయ్యే రోజు కొండగట్టు నుంచి తెచ్చిన సింధూరం స్టార్టర్లకు పెడతారు, కొబ్బరికాయ కొడతారు, జిన్లన్నీ ఒక్కసారి నడిపిస్తారు. గింజ వేరైన దూది ప్రెస్‌లోకి వెళ్లి, మొదటి బేలు కట్టి బయటికొచ్చి, దానికి పసుపు కుంకుమ పెట్టేదాకా మిల్లులో ఏ యంత్రమూ ఆగకూడదు. ఆగితే సీజనంతా ఆగుతుందని నమ్మకం. సేటు వాళ్ల నాన్న పెట్టిన పద్ధతట. మామూలు రోజుల్లో ప్రెస్ నడిచేటప్పుడు ఇతను ఒక వైపు జిన్లు ఆపుతాడు. లేకపోతే వోల్టేజీ పడిపోయి జిన్లు మూలుగుతాయి. దాంతో ఒప్పందం దాటే సందర్భమే రాలేదు. పైగా పాత సంవత్సరాల్లో ముహూర్తం నాడు అన్నీ నడిచినా సరిపోయేది. ఈ ఏడు సేటు ఎనిమిది జిన్లు కొత్తగా దించాడు, ఒప్పందం మాత్రం పెంచుకోలేదు.

"నేను గా రోజు గూడ ప్రెస్ షురూ అయితుంటె జిన్లు ఆపనీకె పోయిన మేడం. సేటే చెయ్యి పట్టుకొని ఆపిండు. కానీ అర్ధగంట నడిస్తె గింత బిల్లు వస్తదని నాకేం ఎరుక? నేను గూడ మీ మీటరే ఖరాబైందనుకున్న."

అక్కడికక్కడే సేటుకు ఫోన్ చేశాను. నా పేరు చెప్పగానే అటువైపు పెద్ద నిట్టూర్పు వినిపించింది. "మేడం, మీకు దండం. మీ మాటలు నాకు సమజ్ కావు. మీకంతగనం చెప్పాల్నని ఉంటె మిల్లుకు రాన్రి. గాని శనారం తర్వాత గాదు" అని పెట్టేశాడు. జిల్లాలో నాకున్న పేరు ఏమిటో ఆ నిట్టూర్పులో బాగా తెలిసింది. పక్కనే ఉన్న ఎలక్ట్రీషియన్ నా మొహం వంక చూడకుండా గోడ వంక చూశాడు. నేను వెళ్తానని గోడకే చెప్పాను.

శనివారం పొద్దున బస్సెక్కాను. అధికారిగా వెళ్లే పని కాదు, ఆఫీసు జీపు అడగలేను. హుజూరాబాద్‌లో బస్సు మారి జమ్మికుంట చేరేదాకా, చెప్పాల్సింది మనసులో వరుసగా పేర్చుకున్నాను. అరగంటల లెక్క ప్రింటు తీసుకున్నాను, ఆ వరస మీద ఎర్ర పెన్నుతో గీత కొట్టాను. మా ఆయన బయల్దేరేముందు, "త్రిభుజం ఒక్కటి గియ్యకు" అని బతిమాలుకున్నాడు.

మిల్లు గేటు బయట పత్తి బండ్లు ట్రాలీలతో వరుస కట్టి ఉన్నాయి. లోపల అంతా దూది నూగు. ఆఫీసు గదిలో సేటు, మూలన గుమస్తా, ఫ్యాను కింద కుర్చీలో సేటు తల్లి. డెబ్బై దాటి ఉంటాయి, రోజూ మిల్లుకొచ్చి కాంటా చూసుకునే మనిషట. తలుపు దగ్గర ఎలక్ట్రీషియన్ నిలబడ్డాడు. గది బయట అరుగు మీద రెండు మూటలు, ఒక గ్యాస్ స్టవ్వు, పక్కన అతని భార్య. సామాన్లు నిజంగానే సర్దేశారు.

ఆ మూటలు చూసేసరికి నేను పేర్చుకున్న వరుసంతా చెదిరిపోయింది. గాభరాలో ప్రింటు సేటు ముందు పెట్టి, ఎర్ర గీత మీద వేలు పెట్టి, "ఇదిగో సార్, ఈ ఒక్క అరగంటలో మీ ఆర్‌ఎండీ..." అన్నాను.

"అయిపాయె" అన్నాడు సేటు, కాగితం పక్కకు తోస్తూ. "మేడం, నాకు అంకెలొద్దు. అర్ధగంట మిషన్లు నడిస్తె అరవై వేలైతయా? ఎవడన్న నమ్ముతడా? అర్ధగంటకు గన్నైతే నెలకెన్ని కావాలె? వీడు నెలంత లైన్ వాడుకున్నడు, మీరొచ్చి వీని తరపున మాట్లాడవట్టిరి. మీకు వీడు చుట్టమా?"

"చుట్టం కాదు సార్..."

"మరి?"

మరి ఏమిటి? నా వల్ల ఒక మనిషి దొంగ అయ్యాడని చెప్పాలా? చెప్పినా ఆయనకు కావాల్సింది అది కాదు. ఆయనకు అర్థం కానిది ఒక్కటే, అరగంట పనికి నెల బిల్లు ఎందుకు మారిందన్నది. కుర్చీలో పెద్దమ్మ మొహం తిప్పుకొని బయట బండ్ల వంక చూస్తోంది. మా ఆయన బడిలో ఏం చేస్తాడో గుర్తు తెచ్చుకోవాలని చూశాను, గుర్తు రాలేదు. ఆయన చెప్పేటప్పుడు నేనెప్పుడు విన్నాను గనక!

"మీ ఇంట్లో ఈ మధ్య పెండ్లి ఏమైనా జరిగిందా సార్?" అన్నాను, ఎందుకన్నానో తెలియకుండానే.

సేటు ఎగాదిగా చూశాడు. పెద్దమ్మ మాత్రం ఇటు తిరిగింది. "ఎండకాలం మనుమరాలి పెండ్లి చేసినం. ఎందుకు?"

"భోజనాలు ఎవరికైనా గుత్తకిచ్చారా అమ్మా?"

"ఇయ్యకపోతె? వెయ్యి మందికి మేమొండుతమా?"

"ఆయనతో ఏమని ఒప్పందం? ఒక్కో బంతికి ఎంతమంది కూర్చుంటారని?"

"రెండువందల యాభై మంది" అంది పెద్దమ్మ. నిజంగా అంతే అందో, నా మొహం మీద రాసి ఉన్నదే చదివిందో ఇప్పటికీ తెలియదు. ఆ నిమిషంలో ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది.

"కరెంటోళ్లం కూడా అంతే అమ్మా. తిన్న అన్నానికి ఒక లెక్క, వేసిన బల్లలకు ఒక లెక్క. అన్నం లెక్క యూనిట్లు. అది మీకు తక్కువే వచ్చింది, సేటు చెప్పింది నిజమే. బల్లల లెక్క వేరే. బంతికి రెండువందల యాభై మంది అని మీరు రాసిచ్చారు, మేము మీ కోసం అన్ని బల్లలు వేసి ఉంచాం. రోజూ తక్కువ మందే కూర్చున్నా, నూటికి ఎనభై బల్లలకు డబ్బు కట్టాల్సిందే, ఎందుకంటే అవి మీ కోసమే ఉన్నాయి. నెలలో అన్నిటికంటే పెద్ద బంతి ఏదో చూసి, దాని మీద బిల్లు వేస్తాం. ఒక్క బంతిలో రెండువందల తొంభై మంది కూర్చున్నారనుకోండి, ఆ నలభై మందికి అప్పటికప్పుడు బల్లలు ఎక్కడినుంచో తేవాలి కదా? వాటికి రెట్టింపు. నెలంతా మళ్లీ అంతమంది కూర్చోకపోయినా సరే, ఆ ఒక్క బంతి చాలు."

సేటు పక్కకు తోసిన కాగితం మళ్లీ దగ్గరికి లాక్కున్నాడు. నేను ఆగలేదు. ఒకసారి దారి దొరికాక ఆగే రకం కాదు కదా.

"మీ మిల్లులో ఆ బంతి కూర్చుంది ఒకే ఒక్క రోజు. అది గ్రిల్లులు అతికించిన రోజు కాదు. ఆ రోజు బల్లలన్నీ ఖాళీనే. ముహూర్తం రోజు, పొద్దున పదిన్నరకు."

బయట ప్రెస్ కింది నుంచి పైకి తొక్కుతున్న చప్పుడు వినిపిస్తోంది. దానితో పాటే ఒక వైపు జిన్లు ఆగిన సంగతి కూడా తెలుస్తోంది. ఇతను శనివారం పొద్దున కూడా, సామాన్లు సర్దుకొని, పనికి వెళ్లి జిన్లు ఆపే ఏర్పాటు చేసి వచ్చాడన్నమాట.

సేటు తల వంచి తన కుడిచేతి వంక చూసుకున్నాడు. ఆ చేత్తోనే కదా ముహూర్తం రోజు ఇతని చెయ్యి పట్టుకుంది. "కొత్త జిన్లు ఎనిమిది దించినం" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

పెద్దమ్మ ఎలక్ట్రీషియన్ వైపు తిరిగింది. "గా రోజు నువ్వు ఆపుతనని పోతివి గదా బిడ్డా. నేనే అర్సిన నీ మీద. 'ముహూర్తంల చేతులు పెట్టకురా' అని."

"అవునమ్మా" అన్నాడతను.

"ఇగ మరి నువ్వెందుకు నోరు తెరవక ఊకున్నవ్?"

"నాకు గూడ ఎరుకలేదమ్మా. అర్ధగంటతోని ఇంత అయితదని."

ఆ మాటతో సేటుకు ఏదో ఊరట దొరికినట్టుంది. కొద్దిగా సర్దుకొని కూర్చొని, గుమస్తాతో, "గా అరవై వేలు వీని జీతంల రాసినవా?" అన్నాడు.

"పెన్సిల్‌తోని రాసిన సేట్."

"తుడ్చెయ్. పూజ ఖర్చుల రాయి."

ఎలక్ట్రీషియన్‌కు క్షమాపణ ఏమీ చెప్పలేదు. చెప్తాడని నేను ఎదురుచూశాను కూడా, సినిమాల ప్రభావం. ఆయన మాత్రం తలుపు వైపు చూసి, "వారీ, ఇంటామెను లోపట్కి రమ్మను, ఎండల కూసుంది" అన్నాడు, అంతే. బయట అరుగు మీద ఆమె లేచి, మొదట గ్యాస్ స్టవ్వు చంకన పెట్టుకొని తమ గది వైపు నడిచింది. ఏమైంది అని ఎవర్నీ అడగలేదు.

నా విజయం తలకెక్కకుండా ఉంటుందా? వెంటనే సలహాల దుకాణం తెరిచాను. వచ్చే ఏడాదికి రెండు దారులున్నాయి, ఒకటి ఒప్పందం పెంచుకోవడం, కానీ అప్పుడు సీజన్ లేని నెలల్లో కూడా ఆ పెరిగిన ఒప్పందంలో నూటికి ఎనభై వంతులు కట్టాలి, దానికంటే రెండోదే మేలు, ముహూర్తం రోజు కూడా ప్రెస్ నడిచేటప్పుడు కొన్ని జిన్లు ఆపుకుంటే...

"ఆపుడా?" అంది పెద్దమ్మ. "ముహూర్తంల మిషిని ఆపుడా? మా ముసలాయన ఉన్నప్పటి సంది ఎన్నడన్న ఆపినమా? ఏడాదికి ఒక్కపారి, కడ్తం తియ్. నీ బల్లలు నువ్వేసుకో."

బిల్లు అర్థం చేయించడంలో నేను సాధించిన ఏకైక ఘనవిజయం ఇదీ. అర్థమయ్యాక వాళ్లు ఆ బిల్లు ప్రతి ఏడాదీ కట్టడానికి సిద్ధపడ్డారు.

బస్టాండు దాకా ఎలక్ట్రీషియన్ బండి మీద దింపాడు. దార్లో ఒక టీకొట్టు దగ్గర ఆపి, నాకొక టీ, తనకొకటి తెచ్చాడు. నేను పొగడ్త కోసం చూస్తున్నాను. దాచిపెట్టడం ఎందుకు, నిజంగానే చూస్తున్నాను. ఇంటికెళ్లి మా ఆయనకు చెప్పాల్సిన మాటలు అప్పటికే పేర్చుకుంటున్నాను.

అతను సగం టీ తాగి, గ్లాసు వంక చూస్తూ, "మంచిగ చెప్పిన్రు మేడం" అన్నాడు. నేను అబ్బే అనడానికి నోరు తెరిచేలోపు, అదే గొంతుతో అన్నాడు.

"గీ బంతి ముచ్చట గా దినమే ఫోన్ల చెప్తె అయిపోవు గదా. మావోళ్లు ఆరు దినాలు అన్నం తినలే."

గొంతులో కోపం లేదు. టీ డబ్బులు నేనిస్తానంటే వద్దన్నాడు. బస్సు వచ్చేదాకా నిలబడి, నేను ఎక్కాక బ్యాగు అందించి వెళ్లిపోయాడు.

సోమవారం పొద్దున రైస్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. "ఇంతెందుకొచ్చింది మేడం?" అన్నాడు ఆయన. పక్క సీటాయన అలవాటుగా లేచి టీకి బయల్దేరాడు. నేను గొంతు సవరించుకున్నాను, ఆపైన ఆగాను.

"ఒక్క నిమిషం లైన్‌లో ఉండండి" అన్నాను. "అది ఎప్పుడు వచ్చిందో చూసి చెప్తాను."